మూడు వందల పది ఎంక్వైరీలా, ఆరు ప్లాంట్లా? నెల్లూరు రొయ్యల కర్మాగారాలకు అమ్మేవారికి అకౌంట్ బేస్డ్ మార్కెటింగ్ మార్గదర్శి

నెల్లూరు దర్గామిట్టలో రెండు గదుల ఆఫీసు మాది. కోల్డ్ స్టోరేజీల్లో ఉష్ణోగ్రతను రాత్రింబవళ్లు దానంతట అదే నమోదు చేసే పరికరాలను, అంటే డేటా లాగర్లను బిగిస్తాం. ఏడాదికోసారి వాటిని సరిచూసి, అంటే క్యాలిబ్రేట్ చేసి, పత్రం ఇస్తాం. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో అందరూ చేసేదే మేమూ చేశాం. ఆన్‌లైన్ డైరెక్టరీకి చందా కట్టి, గూగుల్‌లో ప్రకటనలు పెట్టి, ఫోన్లు తీయడానికి ఒకరిని సగం రోజుకు కుదుర్చుకున్నాం. ఏడాదిలో 310 ఎంక్వైరీలు వచ్చాయి. పొదలకూరు నుంచి ఒక మందుల షాపాయన ఫ్రిజ్‌లో పెట్టుకోవడానికి థర్మామీటర్ అడిగాడు. కావలి ఐస్‌క్రీమ్ పార్లర్ వాళ్లు అద్దెకు ఇస్తారా అన్నారు. ఒంగోలు ఇంజినీరింగ్ విద్యార్థి ప్రాజెక్టు కోసం గంటసేపు మాట్లాడి కృతజ్ఞతలు చెప్పాడు. రాజస్థాన్ నుంచి ఒకాయన మేము కోల్డ్ స్టోరేజీలే కడతామనుకున్నాడు.

ఏడాది చివర చూస్తే ఖర్చు 2,40,000 రూపాయలు. ఆర్డర్లు 19, అన్నీ కలిపి దాదాపు 4 లక్షలు. మాకు మిగిలేది నూటికి ముప్పై కాబట్టి చేతికొచ్చింది 1,20,000. ఫోను మోగుతున్నంత సేపూ వ్యాపారం సాగుతున్నట్టే ఉంది, తీరా చూస్తే లక్షా ఇరవై వేలు చేతి నుంచి పడింది.

మా ఆఫీసు నుంచి గంట ప్రయాణంలో రొయ్యల శుద్ధి కర్మాగారాలు ఉన్నాయి. ఒక్కొక్క దాంట్లో రెండు మూడు కోల్డ్ స్టోరేజీలు, బ్లాస్ట్ ఫ్రీజర్లు, ప్లేట్ ఫ్రీజర్లు. ఒక్క ప్లాంటు ఆర్డరు మా ఏడాది అమ్మకానికి రెట్టింపు. ఆ 310 ఎంక్వైరీల్లో వాళ్లది ఒక్కటి కూడా లేదు. ఉండదు కూడా. కోట్ల రూపాయల సరుకు నిలవ ఉన్న ప్లాంటు మేనేజర్ తనకు కావలసిన పరికరం కోసం డైరెక్టరీ తెరవడు, తెలిసినవాడికి ఫోన్ చేస్తాడు. ఆ తెలిసినవాడు మనం కావడమెలా అన్నదే అకౌంట్ బేస్డ్ మార్కెటింగ్. ఈ పేరు 2000 దశకం మొదటి భాగంలో అమెరికాలోని ఐటీఎస్ఎంఏ అనే సంస్థ ద్వారా వాడుకలోకి వచ్చింది. పెద్ద ఐటీ కంపెనీలు తమ పెద్ద ఖాతాదారుల కోసం మొదలుపెట్టిన పద్ధతి. లీడ్ జనరేషన్‌లో ముందు ఎంక్వైరీ వస్తుంది, అది పనికొచ్చేదా కాదా అని తర్వాత వడకడతాం. ఇక్కడ ముందే వడకట్టి, పేరు పెట్టి ఎంచుకున్న కంపెనీల మీదే డబ్బూ రోజులూ పెడతాం.

ముందు లెక్క: మీ సరుకు దీనికి తగినదేనా

ఉత్సాహం మీద మొదలుపెట్టవద్దు. ఒక ప్లాంటు వెంట ఏడాదికి పైగా తిరగడానికి ఎంత అవుతుందో ముందు కాగితం మీద వేయండి. మాకు పెట్రోలు, టెక్నీషియన్ రోజులు, నెల రోజులు ఉచితంగా బిగించే పరికరాల అరుగుదల, నా సొంత సమయం విలువ కలిపి ప్లాంటుకు 50,000 వరకు తేలింది. మూడింట ఒక్కటి కొంటుందని అనుకున్నాను, అది కూడా ధైర్యంగా అనుకున్నదే. అంటే ఒక్క ఆర్డరు తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు లక్షన్నర. మిగులు నూటికి ముప్పై అయినప్పుడు ఆ లక్షన్నర తిరిగి రావాలంటే ఆర్డరు కనీసం 5 లక్షలు ఉండాలి.

మీ లెక్కా ఇలాగే చేయండి. ఒక కంపెనీ మీద పెట్టే ఖర్చును గెలిచే అవకాశంతో భాగించి, వచ్చిన దాన్ని మిగులు శాతంతో భాగించండి. మీ మామూలు ఆర్డరు ఆ అంకెకు బాగా తక్కువగా ఉంటే ఈ పద్ధతి మీది కాదు. ఇరవై వేల రూపాయల థర్మామీటర్లు అమ్మేవాడు ప్లాంటు ప్లాంటుకూ ప్రత్యేక పత్రం రాసుకుంటూ కూర్చుంటే ఆరు నెలల్లో షట్టరు దించేస్తాడు. అతనికి డైరెక్టరీ చందాయే దిక్కు. ఏటా వచ్చే నిర్వహణ ఆదాయం ఉంటే దాన్ని కూడా కలపవచ్చు గానీ, మొదటి ఏడాదిదే కలపండి. మూడేళ్ల ఆదాయాన్ని ముందే కలిపేసుకుంటే ఏ లెక్కయినా లాభంగానే కనబడుతుంది.

పద్నాలుగు నుంచి ఆరుకు

జాబితా కోసం డబ్బులు పెట్టి ఎవరి దగ్గరా కొనవలసిన పని లేదు. సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసే ప్లాంట్లకు ఎగుమతి తనిఖీ మండలి ఆమోదం తప్పనిసరి, ఆమోదం ఉన్న యూనిట్ల జాబితా బహిరంగంగానే దొరుకుతుంది. అందులోంచి నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాటిని తీసి, నేనూ మా టెక్నీషియనూ మోటారు సైకిలు మీద తిరిగి చూసి, మా చేరువలో ఉన్న 14 పేర్లు రాసుకున్నాం.

ఆ తర్వాత మార్కులు వేసే పట్టికలు చాలామంది చెబుతారు. నేనూ ఒకటి తయారు చేశాను, పదకొండు గడులతో. రెండు వారాల్లో దాన్ని పక్కన పడేశాను, ఎందుకంటే నాకు నచ్చిన ప్లాంటుకే ఎక్కువ మార్కులు పడేలా చేయి తిరుగుతోంది. చివరికి మూడు ప్రశ్నలే మిగిలాయి. కొనే నిర్ణయం ఇక్కడే జరుగుతుందా, లేక చెన్నైలోనో విశాఖలోనో ఉన్న ప్రధాన కార్యాలయంలోనా? ఐరోపా, అమెరికా, జపాన్ వంటి చోట్ల పెద్ద కొనుగోలుదారుల నాణ్యత ఆడిట్లు వీళ్లకు జరుగుతాయా? వచ్చే ఏడాదిన్నరలో కొత్త కోల్డ్ స్టోరేజీ గానీ కొత్త ఫ్రీజింగ్ లైను గానీ వచ్చే సూచన ఉందా? మూడింటిలో రెండింటికి అవునని జవాబు రాని ప్లాంటును కొట్టివేశాం. ఆరు మిగిలాయి.

మూడో ప్రశ్నకు జవాబు ఎక్కడ దొరుకుతుందో చాలామందికి తెలియదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. బ్యాంకు రుణాలున్న మధ్య తరహా కంపెనీలకు క్రిసిల్, ఇక్రా, కేర్ వంటి సంస్థలు రేటింగు ఇస్తాయి. ఆ రేటింగుకు కారణాలు వివరించే పత్రం వాటి వెబ్‌సైట్లలో ఉచితంగా చదవవచ్చు. కంపెనీ అమ్మకాలు ఎంత, సామర్థ్యం ఎంత, విస్తరణకు ఎంత పెడుతోంది, ఒకరిద్దరు కొనుగోలుదారుల మీదే ఆధారపడి ఉందా అన్నవి మూడు నాలుగు పేజీల్లో ఉంటాయి. మా ఆరింటిలో రెండింటి విస్తరణ గురించి నేను అక్కడే చదివాను. కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో వంద రూపాయలు కడితే ఒక కంపెనీ దాఖలు చేసిన పత్రాలు చూడవచ్చు. డైరెక్టర్లెవరు, ఏ ఆస్తి మీద ఏ బ్యాంకు అప్పు ఉందో తెలుస్తుంది. ఇక రెండు ఉచిత వనరులు ఉన్నాయి. నాణ్యత విభాగానికి మనుషులు కావాలన్న ఉద్యోగ ప్రకటన ఒకటి. ఇన్సులేటెడ్ ప్యానెళ్లు బిగించే కాంట్రాక్టరుతో టీ రెండోది. ప్యానెళ్లు ఎక్కడ దిగుతున్నాయో అతనికి తెలిసినంత ముందుగా ఏ పత్రికకూ తెలియదు.

అమెరికా ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తిప్పి పంపిన సరుకుల వివరాలు కూడా బహిరంగంగానే ఉంటాయి. చదవండి, తెలుసుకోండి, కానీ మొదటి సమావేశంలో నోరు జారవద్దు. గుమ్మంలో అడుగు పెట్టగానే ఇంట్లో గొడవ గురించి అడిగిన చుట్టంలా చూస్తారు.

ఆరే ఎందుకని అడగవచ్చు. ఒక్కో ప్లాంటుకు నెలకు రోజున్నర నుంచి రెండు రోజులు పడుతుంది. ఆరు ప్లాంట్లకు తొమ్మిది నుంచి పన్నెండు రోజులు. మిగతా రోజుల్లో పాత ఖాతాదారుల పని, వసూళ్లు చూడాలి. ఇద్దరు మనుషులతో పదిని పట్టుకుంటే పదికీ పైపై పలకరింపులే మిగులుతాయి.

ఇక్కడే ఇంకో మాట. ఆన్‌లైన్ ప్రకటనలు ఈ ఆరు కంపెనీల ఉద్యోగులకే కనబడేలా పెడదామని నేనూ ఆశపడ్డాను. లింక్డ్ఇన్‌లో ప్రకటన నడవాలంటే లక్షిత బృందంలో కనీసం 300 మంది సభ్యులుండాలి. మా ఆరు ప్లాంట్లలో మాకు కావలసినవాళ్లు అంతా కలిపి నలభై మందికి మించరు, వాళ్లలో ఆ సైటులో ఖాతా ఉన్నవాళ్లు సగం కూడా లేరు. బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలకు పనికొచ్చే ఆ భాగాన్ని మనం వదిలేయాలి. మనకున్న మాధ్యమం ఫోను, వాట్సాప్, ప్లాంటు గేటు.

గేటు లోపల ఎవరెవరు

ప్లాంటును ఒక మనిషిగా చూడటం మొదటి తప్పు. మా సరుకు కొనాలంటే అయిదుగురు తలూపాలి, అయిదుగురికీ అయిదు బాధలు. నాణ్యత విభాగం అధికారికి ఆడిట్‌లో రికార్డు చూపడం బాధ. శీతలీకరణ విభాగం ఇన్‌చార్జికి తప్పు తన మీద పడటం బాధ. ప్లాంట్ మేనేజర్‌కు పని ఆగిపోవడం, పర్చేజ్ మేనేజర్‌కు ఎక్కువ ధర పెట్టాడని మాట పడటం, యజమానికి కంటైనరు తిరిగి రావడం. ఒకే కరపత్రం అయిదుగురికీ ఇస్తే అయిదుగురూ సొరుగులో పడేస్తారు.

ఒక్కో ప్లాంటుకు ఒక నోట్‌బుక్ పేజీ కేటాయించండి. ఎవరు వాడతారు, ఎవరు సంతకం పెడతారు, ఎవరు అడ్డుపడగలరు, ఎవరి మాట యజమాని వింటాడు అన్న నాలుగు గళ్లు చాలు. నాలుగో గడి నింపడానికి మాకు నెలలు పట్టింది. ఒకచోట ఆ గడిలో పడిన పేరు యజమాని బావమరిది. ఆయనకు కంపెనీలో ఏ హోదా లేదు, సాయంత్రం ఆరింటికి వచ్చి ఆఫీసులో కూర్చుంటాడంతే.

మూడు పేర్లు లేని ప్లాంటు మీది కాదని గట్టిగా అనుకోండి. మా మొదటి లక్ష్యంలో నాణ్యత విభాగంలో ఒక యువకుడు మాకు బాగా దగ్గరయ్యాడు, అన్నీ అతనే చూసుకుంటానన్నాడు. సంక్రాంతికి ఊరికి వెళ్లి భీమవరం వైపు ఇంకో ప్లాంటులో చేరిపోయాడు. ఏడు నెలల తిరుగుడు అతని సెల్‌ఫోనుతో పాటే వెళ్లిపోయింది. అతని తర్వాత వచ్చినామెకు మా పేరు కూడా తెలియదు.

ఎప్పుడు వెళ్లాలి

బయటి నుంచి వచ్చినవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం కాబట్టి ప్లాంట్లు ఖాళీగా ఉంటాయనుకుంటారు. ఇక్కడి ప్లాంట్లు నడిచేది చెరువుల్లో పెరిగే వనామీ రొయ్య మీద. వేసవి పంట పట్టుబడి జోరు మీదున్నప్పుడు లారీలు గేటు బయట వరుస కడతాయి, ప్లాంట్ మేనేజర్ నిద్రపోడు. ఆ రోజుల్లో వెళ్లి పది నిమిషాలు అడిగితే మొహం మీదే లేదంటాడు, ఆ విసుగు తర్వాత కూడా గుర్తుంటుంది. సరుకు రాక పలచబడే చలికాలం నెలల్లో అదే మనిషి టీ తెప్పిస్తాడు.

రుతువు కంటే పదునైన సమయం ఒకటుంది, కొనుగోలుదారు ఆడిట్. ఆడిట్‌కు ముందు నెలన్నరలో నాణ్యత విభాగానికి చెవులు తెరుచుకుని ఉంటాయి. ఆడిట్ అయిన వారంలో, ఆడిటర్ రాసిన లోపాల జాబితా చేతిలో పడ్డప్పుడు, యజమానికి కూడా తెరుచుకుంటాయి. మా నోట్‌బుక్‌లో ప్రతి ప్లాంటు పేజీకి పైన ఎర్ర సిరాతో ఉండేది ఆ తేదీయే. రహస్యంగా కనుక్కోవలసిన పని లేదు, మూడోసారి కలిసినప్పుడు నాణ్యత విభాగం వాళ్లే చెబుతారు.

ఒక ప్లాంటు కథ, మొదటి నుంచి

ఆరింటిలో ఒకటి జాతీయ రహదారి పక్కన ఉంది. మూడు కోల్డ్ స్టోరేజీలు, రెండు బ్లాస్ట్ ఫ్రీజర్లు. శీతల గిడ్డంగిలో సరుకు మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకంటే చల్లగా ఉండాలన్నది అందరికీ తెలిసిన నియమం. అక్కడ రెండు గంటలకోసారి ఒక మనిషి గోడ మీది అంకె చూసి రిజిస్టర్‌లో రాసేవాడు.

మూడోసారి వెళ్లినప్పుడు నాణ్యత విభాగం అధికారిణి వేరే పనిలో ఉండి, ఆ రిజిస్టర్‌ను నా ముందు బల్ల మీద వదిలి వెళ్లారు. తెరిచి ఉన్న పేజీ అంతటా రాత్రి పదికి మైనస్ 20, పన్నెండుకు మైనస్ 20, రెండుకు, నాలుగుకు, ఆరుకు మైనస్ 20. అన్నీ ఒకే సిరా, ఒకే ఒరవడి, సున్నాలన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి. ఆ పక్కనే గాజు తలుపులోంచి కనబడే గిడ్డంగి ద్వారం రబ్బరు అంచు మీద వేలు మందాన మంచు పేరుకుని ఉంది. తలుపు సరిగా మూసుకోవడం లేదన్నమాట. అలాంటి గదిలో రాత్రంతా అంకె కదలకుండా ఉండదు.

ఈ సంగతి నేరుగా యజమానికి చెబితే ఆర్డరు త్వరగా రావచ్చు. కానీ ఆమె ఉద్యోగం ఇరుకున పడుతుంది, ఆ మాట జిల్లాలో ప్రతి నాణ్యత విభాగానికీ వారంలో చేరుతుంది. ఆమె తిరిగి వచ్చాక ఇంతే అన్నాను: “మేడం, ఆడిటర్ ఈ పేజీ చూసి రాత్రి రెండు గంటలకు ఎవరు రాశారని అడిగితే మీరు ఎవరిని చూపిస్తారు?”

ఆమె కాసేపు మాట్లాడలేదు. “పోయినసారి అడగలేదు,” అన్నారు చివరికి. “ఈసారి అడుగుతారేమోనని నాకూ భయంగానే ఉంది.”

ఆ రాత్రే ఆ ప్లాంటు కోసం ఒక్క పేజీ రాశాను. మా కంపెనీ చరిత్ర లేదు, పరికరం బొమ్మ లేదు. పైన వాళ్ల మూడు గిడ్డంగుల చేతిగీత పటం, అందులో ఎక్కడెక్కడ ఉష్ణోగ్రత పెరిగే వీలుందో గుర్తులు: తలుపు పైభాగం, గాలి ఊదే యంత్రానికి అన్నిటికంటే దూరంగా ఉన్న మూల, సరుకు పైకప్పు దాకా పేర్చే వరుస. కింద ఒక ప్రతిపాదన. 30 రోజులు, ఒక్క గిడ్డంగిలో, నాలుగు సెన్సర్లు, ఉచితం. వచ్చే రికార్డు ముందు ఆమెకే ఇస్తాం, ఆమె చెప్పేదాకా ఇంకెవరికీ చూపం. ఆఖరి వాక్యమే ఆమెను ఒప్పించిందని నాకు తర్వాత తెలిసింది.

అసలు అడ్డు అక్కడ కాదు. శీతలీకరణ విభాగం ఇన్‌చార్జి యాభై దాటిన మనిషి, కంప్రెసరు శబ్దం వినే దాని ఆరోగ్యం చెప్పగలడు. మా టెక్నీషియన్ సెన్సర్ బిగించబోతే నిచ్చెన లేదన్నాడు. మర్నాడు విద్యుత్ కనెక్షన్ ఇవ్వడం కుదరదన్నాడు. ఈ పెట్టె తన మీద చాడీలు చెప్పడానికే వచ్చిందని ఆయన నమ్మకం, అందులో తప్పు లేదు కూడా. వాదించకుండా మూడో రోజు ఆయనతోనే కూర్చుని ఒక పరీక్ష చేశాం. బకెట్‌లో చితక్కొట్టిన మంచు, కొంచెం నీళ్లు కలిపి సెన్సర్లు ముంచాం. కరిగే మంచు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి పరికరం నిజం చెబుతుందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది. నాలుగూ సున్నాకు అటూ ఇటూ పాయింటు రెండు, మూడు చూపించాయి. ఆయన తన పాత థర్మామీటరు కూడా ముంచాడు, అది రెండు డిగ్రీలు తప్పు చూపించింది. నవ్వలేదు గానీ నిచ్చెన దొరికింది.

పది రోజుల తర్వాత మొదటి గ్రాఫు తీసుకుని ముందు ఆయన దగ్గరికే వెళ్లాను. రోజుకు కొన్నిసార్లు గీత కాసేపు పైకి లేచి మళ్లీ దిగుతోంది.

“అన్నా, ఇవి డీఫ్రాస్ట్ సమయాలు. ఇందులో మీ తప్పేమీ లేదని ఎవరు చూసినా చెబుతారు. ఇక ఇక్కడ చూడండి, సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు దాకా గీత పైకి పోయి దిగనే లేదు.”

“కంటైనరు లోడింగ్,” అన్నాడాయన వెంటనే. “తలుపు తెరిచి పెట్టి పోతారు. నేను చెప్పి చెప్పి విసిగిపోయాను, కంప్రెసరు పని చేయట్లేదని నన్నే అంటారు.” ఆ కాగితం నకలు ఒకటి అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆ ప్లాంటులో మాకు ఇద్దరు మనుషులు. అడ్డుపడగలవాడి భయం ఏమిటో కనుక్కుని, మన సరుకు ఆ భయానికే మందు అయ్యే కోణం దొరికితే, అతని కంటే గట్టిగా మాట్లాడేవాడు ఉండడు. దొరకని సరుకులు కూడా ఉంటాయి. అప్పుడు అతన్ని దాటి వెళ్లడానికి యజమాని స్థాయి మద్దతు కావాలి, లేదా ఆ ప్లాంటును వదులుకోవాలి.

నెల ముగిశాక ప్లాంట్ మేనేజర్, ఆయన ద్వారా యజమాని కూర్చున్నారు. నేను మాట్లాడింది తక్కువ, అధికారిణే గ్రాఫులు చూపించారు. యజమాని అడిగినవి రెండే. ఐరోపా కొనుగోలుదారు దీన్ని ఒప్పుకుంటాడా అన్నది మొదటిది. శీతల గిడ్డంగుల ఉష్ణోగ్రత రికార్డర్లకు వర్తించే ఈఎన్ 12830 ప్రమాణం ప్రకారం పరీక్షించిన పత్రం, ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాల క్యాలిబ్రేషన్ పత్రం ముందే ఫైలులో ఉన్నాయి. కరెంటు పోతే ఎట్లా అన్నది రెండోది. పరికరంలోనే బ్యాటరీ ఉందని, జనరేటర్ అందుకునే లోపు జరిగింది కూడా నమోదవుతుందని ప్లగ్గు పీకి చూపించాం.

పర్చేజ్ విభాగం దగ్గర

యజమాని సరేనన్నాక పని అయిపోయిందనుకునేవాళ్లు ఇక్కడ మూడు నెలలు పోగొట్టుకుంటారు. పర్చేజ్ మేనేజర్‌కు మూడు కొటేషన్లు కావాలి, అది ఆయన నియమం. మన కొటేషన్ ఒక్కటే మొత్తం అంకెతో ఉంటే పక్కవాడి చౌక పరికరంతో నేరుగా పోలుస్తాడు. అందుకే సెన్సర్ పెట్టే పాయింట్ల వారీగా విడగొట్టి, క్యాలిబ్రేషన్ పత్రాన్ని విడి వరుసగా రాసి, కనీస లక్షణాల పట్టికను నాణ్యత విభాగం తరఫున ముందే పర్చేజ్‌కు చేరేలా చూడండి. మిగతా ఇద్దరూ అదే పట్టికకు ధర చెప్పవలసి వచ్చినప్పుడు తేడా చాలా తగ్గిపోతుంది. మాది ఒకరి కంటే ఏడు శాతం ఎక్కువ, అయినా నిలిచింది. 34 పాయింట్లు, 9,40,000 రూపాయలు.

చెల్లింపు గడువు ఆర్డరులోనే రాయించుకోండి. మీరు ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ లేదా చిన్న తరహా తయారీదారో సేవాదారో అయితే, ఒప్పందంలో ఏం రాసినా 45 రోజుల్లోపు చెల్లించాలని ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతుంది. ఆ గడువు దాటితే, అసలు చెల్లించిన ఏడాదిలో తప్ప ఆ ఖర్చును కొనుగోలుదారు పన్ను లెక్కలో చూపుకోలేడు. వారి అకౌంట్స్ విభాగానికి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. కొని అమ్మే వ్యాపారులకు ఈ వెసులుబాటు వర్తించదు.

చెడేది ఎక్కడ, ఆపేది ఎప్పుడు

మొదటి ఎనిమిది నెలలు మాకు ఒక్క రూపాయి ఆర్డరు రాలేదు. ఆ కాలంలో పని సాగుతోందా లేక పెట్రోలు తగలబడుతోందా అని తెలుసుకోవడానికి ఎంక్వైరీల సంఖ్య పనికిరాదు. ఎన్నిసార్లు కలిశామన్నదీ పనికిరాదు, ఎందుకంటే మన ఊళ్లో ఎవరైనా టీ ఇస్తారు. నేను చూసేది ఒక్కటే: ఈ నెలలో ఆ ప్లాంటు నుంచి ఎవరైనా తమంతట తాము ఏదైనా అడిగారా? గిడ్డంగి కొలతలు పంపడం, ఆడిట్ తేదీ చెప్పడం, “మా మేనేజర్‌ను ఒకసారి కలవండి” అనడం, ఇవి కదలిక. పలకరింపుగా నవ్వడం కదలిక కాదు. ఆరు నెలల పాటు ఏ కదలికా లేని ప్లాంటును జాబితాలోంచి తీసి, పద్నాలుగులో మిగిలినవాటి నుంచి ఒకదాన్ని ఎక్కించండి. నేను ఒక ప్లాంటును పదకొండు నెలలు పట్టుకుని వేలాడాను, యజమాని మంచిగా మాట్లాడతాడన్న ఒక్క కారణంతో. ఆయన అందరితోనూ మంచిగానే మాట్లాడతాడు.

ఒక సిగ్గుపడే తప్పు కూడా చెప్పాలి. ఒక ప్లాంటుకు రాసిన పేజీని మార్చి ఇంకో ప్లాంటుకు పంపాను. పైన పేరు మార్చాను, నాలుగో పేరాలో మార్చలేదు. అవతలివాళ్ల గిడ్డంగి సామర్థ్యం వీళ్ల చేతిలో పడింది. వాట్సాప్‌లో డిలీట్ చేసేలోపు నీలం గుర్తులు పడ్డాయి. ఆ ప్లాంటు అంతటితో సరి. ఈ పరిశ్రమలో యజమానులు ఒకరికొకరు పోటీదారులు, పైగా పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చునేవాళ్లు. ఒకరి లోపలి సంగతి మన ద్వారా ఇంకొకరికి తెలిసిందంటే ఇద్దరూ పోతారు. అప్పటి నుంచి ప్రతి పేజీ ఖాళీ కాగితం మీదే మొదలుపెడతాను. “మీ పక్కవాళ్లు కూడా మా దగ్గరే తీసుకున్నారు” అన్న మాట కూడా ఆ పక్కవాళ్ల అనుమతి ఉంటేనే అంటాను.

పద్నాలుగు నెలలకు మా లెక్క ఇది. ఆరు ప్లాంట్ల మీద ఖర్చు 3 లక్షలు. రెండు ఆర్డర్లు, 9,40,000, 6,60,000, కలిపి 16 లక్షలు. మిగులు 4,80,000, అందులో ఖర్చు పోగా 1,80,000. ఏటా సరిచూసే పనికి ఈ రెండింటి నుంచి 1,10,000 వస్తుంది. లెక్క బాగానే ఉంది గానీ, ఈ రెండింటిలో ఒకటి వెళ్లిపోతే మా ఆదాయంలో పెద్ద ముక్క ఊడిపోతుంది. రొయ్య ధర పడిపోయినా, విదేశీ సుంకాలు పెరిగినా ఆరు ప్లాంట్లూ ఒకే రోజు కొనుగోళ్లు ఆపేస్తాయి. ఒకే పరిశ్రమలోంచి ఆరింటిని ఎంచుకోవడంలోని బలహీనత అది. రెండో విడత జాబితాలో అందుకే రెండు పాల శీతల కేంద్రాలు, ఒక టీకా మందుల గిడ్డంగి చేర్చాం.

డైరెక్టరీ చందాను పూర్తిగా ఎత్తివేయలేదు. గూగుల్ ప్రకటనలు ఆపి, చందా చిన్నదానికి మార్చి, ఇరవై వేల లోపు సరుకుకు ధరల పట్టిక వాట్సాప్‌లో దానంతట అదే వెళ్లేలా పెట్టాం. పొదలకూరు మందుల షాపాయన ఇప్పుడు ఫోన్ చేయకుండానే థర్మామీటర్ కొంటాడు, నేను ఆ సమయానికి ముత్తుకూరు రోడ్డులో ఏదో ఒక గేటు దగ్గర సెక్యూరిటీ పుస్తకంలో పేరు రాస్తూ ఉంటాను.